ఆధార్‌లో 1969, పీఎఫ్‌లో 1966: నాన్న పెన్షన్ ఆగింది, ముందు ఏది సరిచేయాలి?

ఆదోని_శిరీష
అందరికీ నమస్కారం. మా నాన్న ఆదోని దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో 1998 జూలై నుంచి 2016 ఫిబ్రవరి వరకు పనిచేశారు. తర్వాత మిల్లు మూతపడింది. పీఎఫ్ డబ్బు తీసుకోలేదు, పెన్షన్ కూడా అట్లే ఉంది. 58 నిండాయి కదా అని పోయిన నెల పెన్షన్‌కి 10D ఫారం ఇస్తే, పేరూ పుట్టిన తేదీ ఆధార్‌తో కలవడం లేదని వెనక్కి పంపినారు.

పీఎఫ్ రికార్డులో ఇట్లా ఉంది: `G MADDILETY`, 10-06-1966.
ఆధార్‌లో: `Gorla Maddileti`, 01-01-1969.

నాన్న ఏడో తరగతి వరకు చదువుకున్నారు. స్కూల్ టీసీలో 10-06-1966 అనే ఉంది. ఆధార్ తీసేటప్పుడు ఊర్లో క్యాంపు పెట్టి వయసు అడిగితే నాన్న ఉజ్జాయింపుగా చెప్పారట. యూఏఎన్ నంబరు ఉంది కానీ దానికి ఆధార్ లింకు కాలేదు. సంతకం పెట్టడానికి మిల్లు ఓనర్లు ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ఇంట్లో టెన్షన్‌గా ఉంది.

నెట్‌సెంటర్_రవి_గుత్తి
అక్కా, ఇది రెండు నిమిషాల పని. పీఎఫ్ సైట్‌లో లాగిన్ అయి `Manage` లో `Joint Declaration` నొక్కండి. ఆధార్‌లో ఉన్న పేరు, తేదీ కొట్టి ఓటీపీ ఇస్తే చాలు. 2025 జనవరి నుంచి డాక్యుమెంట్లు అడగడం లేదు, కంపెనీ సంతకం కూడా అక్కర్లేదు. మా సెంటర్‌లో వారానికి పది చేస్తున్నా. పీఎఫ్‌ని ఆధార్‌కి కలిపేయండి, అయిపోతుంది.

ధర్మవరం_నాగరాజు
పెన్షన్ అంటే ఒకటో తారీఖు ఇంటికి తెచ్చి ఇచ్చేదే కదా? దానికి 60 నిండాలమ్మా, చేనేత వాళ్ళకైతే 50. మీ నాన్నకి ఆధార్‌లో ఇంకా తక్కువ ఉంది కాబట్టి రాదు. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని కలవండి. మా వీధిలో ఒకాయన ఆధార్‌లో వయసు పెంచుకొని తీసుకుంటున్నాడు, ఇప్పుడు వెరిఫికేషన్ అంటే వణుకుతున్నాడు.

ఆదోని_శిరీష
నాగరాజు అన్నా, ఇది ఎన్టీఆర్ భరోసా కాదు. మిల్లు జీతంలో కట్ చేసిన పీఎఫ్ పెన్షన్.
రవి అన్నా, లాగిన్ అయితే ఆధార్ వెరిఫై చేయమంటోంది, చేస్తే తేదీ కలవలేదని ఆగిపోతోంది. మీరు చెప్పిన చోటికి పోనే పోవడం లేదు.

టైమాఫీసు_పెద్దాయన
శిరీషమ్మా, నేను యర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ టైమాఫీసులో 26 ఏళ్ళు పీఎఫ్ కాగితాలు రాశాను. ఒక్క మాట ముందు చెప్తాను. ఎంత సులువైనా సరే, పీఎఫ్‌లోని తేదీని ఆధార్‌కి కలపవద్దు.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఉద్యోగుల పెన్షన్ 58 నిండిన మరుసటి రోజు నుంచి వస్తుంది. 10-06-1966 ప్రకారం మీ నాన్నకి 58 నిండింది 2024 జూన్‌లో. 01-01-1969 అని ఒప్పుకుంటే 2027 జనవరి వరకు ఆగాలి. మధ్యలో 30 నెలలు. సర్వీసు 17 ఏళ్ళ 8 నెలలు, ఆరు నెలలు దాటింది కాబట్టి 18 ఏళ్ళుగా లెక్కలోకి తీసుకుంటారు. చివరి ఐదేళ్ళ సగటు జీతం ఎంత?

ఆదోని_శిరీష
పాస్‌బుక్ చూసి లెక్కేస్తే 6,300 వచ్చింది సార్.

టైమాఫీసు_పెద్దాయన
6,300ని 18తో గుణించి 70తో భాగించండి. నెలకు 1,620 రూపాయలు. 30 నెలలకు 48,600. రెండు నిమిషాల పనికి మీరు కట్టే ఖరీదు అది. తేదీ సరిగా నిలబడితే 2024 జూన్ నుంచి బకాయి కూడా వస్తుంది. అదీ కాక పీఎఫ్‌లో పుట్టిన తేదీని మార్చుకునే అవకాశం ఒక్కసారే. తప్పు తేదీకి దాన్ని వాడేస్తే తర్వాత బాధపడాల్సి వస్తుంది.

రవి చెప్పింది అబద్ధం కాదు. కానీ అది 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తోనే పుట్టిన యూఏఎన్ నంబర్లకు. మీ నాన్నది 2014 కాలపు నంబరు, ఆధార్ ఎక్కలేదు, మిల్లు మూసేశారు. ఇట్లాంటి వాళ్ళు కాగితం మీద జాయింట్ డిక్లరేషన్, అంటే ఉద్యోగీ యజమానీ కలిసి సంతకం పెట్టే సవరణ ఫారం, ఇవ్వాలి.

నెట్‌సెంటర్_రవి_గుత్తి
సరే సార్, పాత నంబర్ల సంగతి నాకు తట్టలేదు. కానీ 30 నెలలు పోతే పోయాయి, ఆధార్ మార్చాలంటే ఆఫీసుల చుట్టూ ఏడాది తిరగాలి. 50 నిండితే తగ్గించి ముందే పెన్షన్ ఇస్తారు కదా, అది తీసుకోవచ్చు.

టైమాఫీసు_పెద్దాయన
ముందే తీసుకుంటే 58కి ఎన్నేళ్ళు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది నాయనా, అదీ బతికున్నంత కాలం. నిజంగా 58 నిండిన మనిషి ఎందుకు కోత పెట్టించుకోవాలి?

పైగా దేనికైనా ఆధార్ కలవాల్సిందే. ముందు తీసుకున్నా, ఆలస్యంగా తీసుకున్నా ఆ గడప దాటక తప్పదు.

ప్రొద్దుటూరు_సుజాత
ఇక్కడే అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మా ఆయన పోయిన ఏడాది చనిపోయారు. పీఎఫ్‌లో ఆయన పేరు `Obulesu`, డెత్ సర్టిఫికెట్‌లో `Obulesh`. నాకు వితంతు పెన్షన్ రాకుండా ఆపారు. ఆయన లేడు, ఓటీపీ ఎవరు ఇస్తారు? మూడు నెలలుగా తిరుగుతున్నా.

టైమాఫీసు_పెద్దాయన
సుజాతమ్మా, చనిపోయినవాళ్ళ రికార్డు ఆన్‌లైన్లో సరిచేయలేరు. అది కూడా కాగితం మీద ఇవ్వాల్సిందే, కంపెనీ ఉంటే వాళ్ళ సంతకంతో. ఆయన ఆధార్‌లో ఏ స్పెల్లింగ్ ఉందో ముందు చెప్పండి. డెత్ సర్టిఫికెట్‌లోనే తప్పు ఉంటే మునిసిపాలిటీలో దాన్ని సరిచేయించుకోవడం దగ్గరి దారి కావచ్చు. పీఎఫ్‌దే తప్పైతే వేరే దారి. ఆధార్ చూడకుండా రెండిట్లో ఏదని నేను చెప్పలేను.

ఆదోని_శిరీష
సార్, మరి ఆధార్ ఎట్లా మార్చాలి? నిన్న ఆధార్ సెంటర్‌కి టీసీ పట్టుకుపోతే చెల్లదు, బర్త్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. పాన్ కార్డు చూపిస్తే అందులో కూడా 01-01-1969 ఉంది, ఇది ఆధార్‌తోనే తీసుకున్న పాన్ కదా అని నవ్వినారు. 1966లో పల్లెలో పుట్టిన మనిషికి బర్త్ సర్టిఫికెట్ ఎక్కడిది?

నంద్యాల_వకీలు
పుట్టిన ఏడాది దాటాక నమోదు చేయించుకోవడానికి చట్టంలోనే దారి ఉంది. ఒకప్పుడు చట్టం ప్రకారం దీనికి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఆర్డర్ కావాలి. 2023 సవరణ తర్వాత ఈ అధికారం జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, జిల్లా మేజిస్ట్రేట్ అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ చేతికి వచ్చింది. మన దగ్గర వాడుకలో ఆర్డీవో ఆఫీసు అనుకోండి. ఆదోనిలో ఆర్డీవో ఆఫీసు ఉంది కాబట్టి మీకు దూరం కూడా లేదు.

ముందు మీ నాన్న పుట్టిన ఊరి పంచాయతీ కార్యదర్శి దగ్గర, ఆ ఏడాది రిజిస్టర్‌లో ఈ పేరు లేదని ఒక సర్టిఫికెట్ తీసుకోండి. దానికి టీసీ, నోటరీ అఫిడవిట్, ఊర్లో ఇద్దరు పెద్దల వాంగ్మూలం జోడించి దరఖాస్తు పెడితే తహసీల్దారు విచారణ జరిపి పంపిస్తారు. ఆర్డర్ వచ్చాక పంచాయతీలో ఎంట్రీ పడుతుంది, సర్టిఫికెట్ వస్తుంది. ఏ డివిజన్లో ఏ అదనపు కాగితం అడుగుతారో చెప్పలేను, కానీ వీటిలో ఏదీ వృథా కాదు.

టీసీ ఒక్కటే కాదు, స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్ నకలు కూడా హెడ్‌మాస్టర్ దగ్గర తీసుకోండి. విచారణకు వచ్చినవాళ్ళు టీసీ ఈ మధ్య ఇచ్చిందేమో అని అనుమానిస్తారు. 1970ల నాటి రిజిస్టర్‌లో ఇంకు వెలిసిన అక్షరాలు చూస్తే ఆ అనుమానం పోతుంది. ఈ తగాదా పుట్టక ముందు రాసిన కాగితానికే బలం.

టైమాఫీసు_పెద్దాయన
వకీలు గారి మాటకు ఒకటి కలుపుతాను. మిల్లులో చేరినప్పుడు ఫారం 2 అని నామినేషన్ రాయించుకుంటారు. అందులో పుట్టిన తేదీ ఉంటుంది. 1998 నాటి నకలు ఇంట్లో ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉండొచ్చు. ఉంటే జిరాక్స్ తీసి పెట్టుకోండి.

ఇక అసలు జాగ్రత్త. బర్త్ సర్టిఫికెట్‌లో ఇంగ్లీషు స్పెల్లింగ్ ఏం రాయిస్తారో మీ చేతిలో ఉంది. తెలుగులో మద్దిలేటి అని రాస్తే ఒకటే. ఇంగ్లీషులో మా రిజిస్టర్లలోనే ఈ పేరు నాలుగు రకాలుగా ఉండేది. బేతంచెర్ల పక్క నుంచి వచ్చినవాళ్ళలో సగం మంది మద్దిలేటి నరసింహస్వామి పేరే పెట్టుకున్నారు, గుమాస్తా ఏది తోస్తే అది రాశాడు. చివరన ఐ రాసినవాడు ఒకడు, వై రాసినవాడు ఇంకొకడు. మా చేతి తప్పులే ఇప్పుడు మీ నెత్తిన పడ్డాయి.

కాబట్టి సర్టిఫికెట్‌లో ఆధార్‌లో ఉన్నట్టే `Gorla Maddileti` అని అక్షరం పొల్లుపోకుండా రాయించండి. మధ్యలో ఖాళీ కూడా అట్లే ఉండాలి. అప్పుడు ఆధార్‌లో తేదీ ఒక్కటే మార్చితే సరిపోతుంది, పేరు తాకే పని లేదు. ఆధార్‌లో తేదీ మార్పు జన్మకు ఒక్కసారే, పేరు రెండుసార్లు. అందుకే ఇంకొకటి చూడండి. `myaadhaar.uidai.gov.in` లో అప్‌డేట్ హిస్టరీ ఉంటుంది. ఎవరో ఎప్పుడో తేదీ ఒకసారి మార్చేసి ఉంటే మామూలు సెంటర్‌లో రెండోసారి కుదరదు, హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం దాకా పోవాలి.

ఆదోని_శిరీష
చూశాను సార్. 2019లో ఒక మార్పు ఉంది, గుండె ఆగినంత పనైంది. చూస్తే అది ఫోన్ నంబరు మార్పు. తేదీ ఎప్పుడూ మార్చలేదు.

ధర్మవరం_నాగరాజు
అయ్యో, నేను వేరే పెన్షన్ అనుకున్నా, పొరపాటైంది తల్లీ. మా బావది కూడా ఇట్లాంటిదే, మగ్గం సొసైటీలో పీఎఫ్ కట్టేవాళ్ళట. ఆయన పేరు మీద రెండు నంబర్లు ఉన్నాయి. అది వేరే పోస్టు పెడతా.

ఆదోని_శిరీష (రెండున్నర నెలల తర్వాత)
మళ్ళీ వచ్చాను. అడగకముందే చెప్పేస్తాను: బర్త్ సర్టిఫికెట్ వచ్చింది, ఆధార్ తేదీ మారింది.

తహసీల్దారు ఆఫీసు విచారణ దగ్గరే ఎక్కువ రోజులు పట్టింది. వీఆర్వో ఊర్లోకి వచ్చి, నాన్న వయసు వాళ్ళు ఎవరున్నారో పిలవమన్నారు. నాన్నకంటే రెండేళ్ళు పెద్ద అయిన మా పెదనాన్న వచ్చి చెప్పారు. వీఆర్వో ఆయన ఆధార్ అడిగితే అందులో నాన్నకంటే చిన్నవాడిగా ఉన్నాడు, 01-01-1970! అందరూ నవ్వారు కానీ నాకు మాత్రం చెమటలు పట్టాయి. చివరికి స్కూల్ రిజిస్టర్ నకలు కాపాడింది. అందులో ఒకే పేజీలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, పెదనాన్న తేదీ ముందు.

సర్టిఫికెట్ డ్రాఫ్ట్ చూపించినప్పుడు `Maddilety` అని కొట్టారు. పెద్దాయన సార్ చెప్పినది గుర్తుండబట్టి అక్కడే ఆపించాను. ఆధార్ సెంటర్‌లో 75 రూపాయలు తీసుకున్నారు, స్లిప్పు ఇచ్చారు, మూడు వారాల్లో మారింది.

ఇప్పుడు పీఎఫ్‌లో పేరు ఒక్కటే మిగిలింది. కంపెనీ సంతకం లేదు కదా, ఎట్లా?

టైమాఫీసు_పెద్దాయన
శభాష్. సగం కొండ ఎక్కేశారు.

మిల్లు మూసేస్తే డిక్లరేషన్ మీద యజమాని బదులు వేరేవాళ్ళు ధృవీకరించవచ్చు. గెజిటెడ్ అధికారి, నాన్నకు ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరు, పోస్ట్‌మాస్టరు, ఎంపీ లాంటివాళ్ళు ఆ జాబితాలో ఉన్నారు. బ్యాంకు మేనేజరుని అడగడం మేలు, మనిషిని ఎరిగి ఉంటాడు. సంతకం కింద పేరు, హోదా, రబ్బరు స్టాంపు స్పష్టంగా పడాలి. స్టాంపు మసకగా ఉంటే కౌంటర్‌లో అక్కడే తిప్పి పంపుతారు.

ఫారంలో రెండు వరుసలు ఉంటాయి. ఒకటి రికార్డులో ఇప్పుడున్నది, రెండోది ఉండాల్సింది. ఇప్పుడున్నది అన్నచోట పీఎఫ్‌లో కనబడినట్టే `G MADDILETY` అని రాయండి, అందంగా సరిచేసి రాయకండి. ఉండాల్సింది అన్నచోట ఆధార్ పేరు. ఆధార్ నంబరు కూడా అందులోనే ఇవ్వండి. పుట్టిన తేదీ గడి ఖాళీగా వదిలేయండి. పీఎఫ్‌లో అది మొదటినుంచీ సరైనదే, దాన్ని గెలికితే ఆ ఒక్క అవకాశమూ ఖర్చయిపోతుంది.

నెట్‌సెంటర్_రవి_గుత్తి
సార్, ఒక డౌటు. ఇంటిపేరు `G` నుంచి `Gorla` అయింది, చివర ఒక అక్షరం మారింది. ఇది చిన్న మార్పా, పెద్ద మార్పా? చిన్నదైతే రెండు డాక్యుమెంట్లు, పెద్దదైతే మూడు అంటారు. మా సెంటర్‌లో ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు.

టైమాఫీసు_పెద్దాయన
ఇంటిపేరు విడదీసి రాయడాన్ని ఒక్కో సీటులో ఒక్కోలా చూడటం నేనూ చూశాను. వాదన ఎందుకు, మూడు పెట్టేయమనండి. ఆధార్, కొత్త బర్త్ సర్టిఫికెట్, సరిచేసిన పాన్. పాన్ ఇంకా మార్చకపోతే బ్యాంకు పాస్‌బుక్ ఫొటో ఉన్న పేజీ, ఓటరు కార్డు. అన్నిట్లో పేరు ఒకేలా ఉన్నవి ఎంచుకోవాలి. ఐదు కాగితాల్లో మూడు సరిగ్గా ఉంటే ఆ మూడే పెట్టండి, తేడా ఉన్నవి బయటికి తీయకండి.

కడపలో పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది. అక్కడ పీఆర్‌ఓ కౌంటర్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి, అందులో నంబరు ఉంటుంది. ఆదోని నుంచి రైలు నేరుగా ఉంది. లేదంటే ప్రతి నెల 27న జిల్లాల్లో పీఎఫ్ వాళ్ళే నిధి ఆప్కే నికట్ అని క్యాంపు పెడతారు, ఆ నెల ఎక్కడో కనుక్కొని అక్కడికి పోయినా సరే.

ప్రొద్దుటూరు_సుజాత
అన్నా, మా ఆయన ఆధార్ చూశాను. అందులో `Obulesu` అనే ఉంది. అంటే డెత్ సర్టిఫికెట్‌దే తప్పు కదా? మునిసిపాలిటీలో అడిగితే ఆసుపత్రి నుంచి వచ్చిన రిపోర్టులోనే అట్లా ఉంది, అక్కడ మార్చుకొని రమ్మంటున్నారు. ఆసుపత్రి వాళ్ళు రికార్డు మూసేశామంటున్నారు.

నంద్యాల_వకీలు
సుజాత గారూ, ఆసుపత్రి కుదరదన్నదే రాతపూర్వకంగా తీసుకోండి. దానితో, ఆయన ఆధార్‌తో, మీ అఫిడవిట్‌తో కమిషనర్ పేరున సవరణ దరఖాస్తు పెట్టండి. జనన మరణాల చట్టంలో రిజిస్ట్రారుకి తప్పు సరిదిద్దే అధికారం ఉంది. ఎంతకాలం పడుతుందో మాత్రం నేను మాట ఇవ్వలేను.

ఆదోని_శిరీష (ఇంకో ఐదు వారాలకు)
పేరు మారింది! ఈరోజు పోర్టల్‌లో `GORLA MADDILETI` అని వచ్చింది, ఆధార్ కూడా ఎక్కింది. ఒకసారి వెనక్కి పంపారు, మేనేజరు స్టాంపులో బ్రాంచి పేరు కనబడలేదని. రెండోసారి తీసుకున్నారు. ఇప్పుడు 10D పెట్టేయనా సార్?

టైమాఫీసు_పెద్దాయన
ఒక్క నిమిషం ఆగండి. బ్యాంకు ఖాతాలో నాన్న పేరు ఎట్లా ఉంది?

ఆదోని_శిరీష
`G Maddileti` అని ఉంది.

టైమాఫీసు_పెద్దాయన
ముందు అది మార్పించండి, ఆధార్ చూపిస్తే బ్యాంకులోనే చేస్తారు. తర్వాత అమ్మ ఆధార్ తీసి చూడండి. 10Dలో భార్య వివరాలు, జంట ఫొటో ఉంటాయి. రేపు నాన్న లేకపోతే అమ్మకు వచ్చేది ఈ ఫారంలో రాసిన పేరు మీదే. సుజాతమ్మ పడుతున్న బాధ చూశారుగా.

ఆదోని_శిరీష
చూశాను. `Gorla Lakshmidevi`, 01-01-1971. అమ్మ బడి ముఖమే చూడలేదు సార్, అసలు తేదీ ఎవరికీ తెలియదు. మళ్ళీ మొదటినుంచి రావాలా?

టైమాఫీసు_పెద్దాయన
అక్కర్లేదమ్మా. ఆ తేదీకి ఎదురు చెప్పే కాగితం ఇంకోటి లేదు కదా, కాబట్టి అది తప్పని ఎవరూ అనరు. ఫారంలో అదే తేదీ, అదే స్పెల్లింగ్ రాయండి. బ్యాంకులో అమ్మకు ఖాతా ఉంటే అందులో కూడా `Lakshmidevi` కలిపి ఉందో, మధ్యలో విడిపోయి ఉందో చూసుకోండి.

ఆదోని_శిరీష
విడిపోయి ఉంది. 😀 రేపు ఇద్దరినీ తీసుకొని బ్యాంకుకి పోతున్నా.